సప్లయర్ బిల్లు ఫొటో చూసి టీడీఎస్ లెక్కగట్టే విధానం: పలాస జీడి యూనిట్ బాయిలర్ రిపేరు ఉదాహరణతో

పలాస, కాశీబుగ్గల్లో జీడి యూనిట్ల అకౌంట్లు రాసేవాళ్లకు ఇప్పుడు బిల్లులు కాగితం మీద రావడం తక్కువ. మేస్త్రీ పని అయిపోగానే బిల్లును ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాడు, వెనకే "డబ్బులు వేసేయండి సార్" అని మెసేజ్ వస్తుంది. ఓనర్ కూడా ఆ ఫొటోనే మనకు ఫార్వర్డ్ చేసి "సాయంత్రంలోగా వేసేయ్" అంటాడు. డబ్బు మొత్తం వెళ్లిపోయాక, అందులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను, అంటే టీడీఎస్, గుర్తొస్తే, దాన్ని వెనక్కి అడగడం నాకైతే ఎప్పుడూ సులువుగా జరగలేదు. అందుకే ఫొటో దగ్గరే లెక్క తేలాలి. కింద చెప్పేది 2025-26 ఆర్థిక సంవత్సరంలోని ఒక బిల్లు. సెక్షన్లు, ఫారాల నంబర్లు 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం వచ్చింది, అందులో జీతాలవి కాక మిగతా టీడీఎస్ అంతా సెక్షన్ 393 కిందకు చేరింది. కాబట్టి ఆ తేదీ తర్వాతి బిల్లులకు పోర్టల్‌లో కనిపించే కొత్త నంబర్లే ఎంచుకోవాలి.

ముందుగా, కోయాల్సిన బాధ్యత మనకు ఉందా? మా యూనిట్ ఇద్దరు అన్నదమ్ముల భాగస్వామ్య సంస్థ. భాగస్వామ్య సంస్థలకు, కంపెనీలకు కాంట్రాక్టు పనుల మీద టీడీఎస్ విషయంలో టర్నోవర్ పరిమితి ఏమీ లేదు, మొదటి సంవత్సరం నుంచే కోయాలి. ఒక్క మనిషి పేరు మీద నడిచే వ్యాపారమైతే, అంతకుముందు ఏడాది టర్నోవర్ కోటి రూపాయలు దాటితేనే బాధ్యత వస్తుంది. "మనది చిన్న బట్టీ, మనకెందుకు" అనుకునే భాగస్వాములు ఇక్కడే పొరబడతారు.

కోయడానికి టాన్ కావాలి. పది అక్షరాల ఈ నంబరుకు ఫారం 49బి ఆన్‌లైన్‌లో నింపి దరఖాస్తు చేయాలి. సంస్థ పాన్‌లో ఉన్న పేరు, చిరునామా అక్షరం పొల్లుపోకుండా రాయండి. పాన్ నంబరును టాన్ చోట వేసి చలానా కట్టడానికి వీలుండదు. టాన్ చేతికొచ్చాక incometax.gov.in లో టాన్‌తోనే వేరే లాగిన్ రిజిస్టర్ చేసుకోవాలి. సంస్థ పాన్ లాగిన్ దీనికి పనికిరాదు.

ఇక ఫొటో. విజయనగరం నుంచి వచ్చిన ఒక ఫ్యాబ్రికేటర్, జీడి పిక్కలు ఉడికించే బాయిలర్‌కు ట్యూబులు మార్చాడు. 2025 నవంబరు 26 తేదీ వేసిన బిల్లు. లేబర్ 38,000, ట్యూబులు, ప్లేట్లు కలిపి మెటీరియల్ 24,000, మొత్తం 62,000. దాని మీద సీజీఎస్టీ 9 శాతం 5,580, ఎస్‌జీఎస్టీ 9 శాతం 5,580. కట్టాల్సింది 73,160.

ఫొటోలో అంకెల్ని కంటితో చదివి వదిలేయకూడదు, ఒకదానితో ఒకటి సరిచూడాలి. ఆ బిల్లు మీద ట్యూబ్‌లైట్ నీడ పడి 62,000 కాస్తా 82,000లా ఉంది. 82,000 మీద 9 శాతం 7,380 కావాలి, కానీ పన్ను గడిలో 5,580 స్పష్టంగా ఉంది. అంటే అది 62,000 అని తేలిపోయింది. పన్ను, మొత్తం, పైన ఉన్న విలువ మూడూ కలిస్తేనే చదివింది సరైనట్టు. కలవకపోతే ఇంకో ఫొటో అడగాలి. పైన "ట్యాక్స్ ఇన్వాయిస్" అని ఉందో లేదో కూడా చూడండి. కొటేషన్‌నే బిల్లు అనుకుని డబ్బు వేసినవాళ్లు ఉన్నారు.

తర్వాత చూడాల్సింది సప్లయర్ జీఎస్టీ నంబరు. రేటు ఎంతో అక్కడే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ నంబర్లన్నీ 37తో మొదలవుతాయి, ఆ రెండంకెల తర్వాతి పది అక్షరాలు సప్లయర్ పాన్. నమూనా ఇలా ఉంటుంది:

```
37XXXPX0000X1ZX
```

ఇందులో ఆరో అక్షరం, అంటే పాన్‌లో నాలుగోది, ఆ పాన్ ఎవరిదో చెబుతుంది. `P` అయితే వ్యక్తి, `H` అయితే హిందూ అవిభక్త కుటుంబం, `F` అయితే భాగస్వామ్య సంస్థ, `C` అయితే కంపెనీ. కాంట్రాక్టు పనికి సెక్షన్ 194సి కింద మొదటి రెండింటికీ 1 శాతం, మిగతావాళ్లకు 2 శాతం. బిల్లు మీద "ఇంజినీరింగ్ వర్క్స్" అని ఎంత పెద్ద బోర్డు పేరున్నా, అక్షరం `P` అయితే అది ఒక మనిషి వ్యాపారమే. మసక ఫొటోలో `P`ని `F` అని చదివి ఒకసారి నేను రెట్టింపు కోసేశాను, ఆ సంజాయిషీ చెప్పుకోవడానికి వారం పట్టింది. అప్పటినుంచి నంబరును జీఎస్టీ పోర్టల్‌లో Search Taxpayer దగ్గర కొట్టి, పేరు, వ్యాపార రకం చూశాకే ముందుకెళ్తున్నాను. సున్నానా, ఓ అక్షరమా అని అనుమానం వస్తే పాన్ అమరికే తీరుస్తుంది: మొదటి ఐదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం.

పాన్ ఇవ్వకపోయినా, ఆధార్‌తో లింకు కాక అది పనిచేయని స్థితిలో ఉన్నా రేటు 20 శాతానికి పోతుంది. డబ్బు వేసే ముందే పాన్ స్థితి చూసుకోండి.

ఇప్పుడు ఏ మొత్తం మీద కోయాలి అన్న ప్రశ్న. ఇక్కడ మూడు జవాబులు వినిపిస్తాయి. కొందరు 73,160 మీద కోస్తారు. అది తప్పు, జీఎస్టీ విడిగా చూపించినప్పుడు దాన్ని వదిలేసి కోయాలని సీబీడీటీ 2017లో 23వ సర్క్యులర్ ఇచ్చింది. జీఎస్టీని విడిగా చూపించకపోతే మాత్రం మొత్తం మీదే కోయాలి. ఇంకొందరు లేబర్ 38,000 మీదే కోస్తారు, సప్లయర్ కూడా అదే అడుగుతాడు. మెటీరియల్ విలువ తీసేసే వెసులుబాటు, మనం ఇచ్చిన సరుకుతో మన కోసం వస్తువు తయారు చేయించుకున్నప్పటిది. మేస్త్రీ తన సరుకు తానే తెచ్చుకుని చేసిన రిపేరుకు అది వర్తించదు. విడిభాగాలతో కలిపి చేసే మామూలు మెయింటెనెన్స్ కాంట్రాక్టు 194సి కిందకే వస్తుందని 1995 నాటి 715వ సర్క్యులర్ చెబుతోంది. కాబట్టి మన బేసు 62,000.

62,000 మీద 1 శాతం 620, పని అయిపోయింది అనిపిస్తుంది. కాలేదు. లెడ్జర్ తెరిచి అదే ఫ్యాబ్రికేటర్ పేరు చూడాలి. జూన్‌లో పొగ గొట్టం పనికి 26,000, ఆగస్టులో స్టీమ్ లైను పనికి 28,000 వెళ్లాయి, రెండూ జీఎస్టీ కాక. ఒక్కో బిల్లు 30,000 దాటలేదు కాబట్టి అప్పట్లో కోయలేదు, అది సరైనదే. కానీ ఒకే సంవత్సరంలో ఒకే మనిషికి మొత్తం లక్ష దాటితే పాత చిన్న బిల్లుల మీద కూడా కోయాలి. ఈ బిల్లుతో లక్ష దాటింది:

```
26,000 + 28,000 + 62,000 = 1,16,000
1,16,000 × 1% = 1,160
73,160 − 1,160 = 72,000
```

బ్యాంకులో వేయాల్సింది 72,000. 72,540 వేస్తే 540 మన జేబులోంచి పోతుంది. ఇదే ఫ్యాబ్రికేటర్ పాన్ పనిచేయకపోతే 1,16,000 మీద 20 శాతం, అంటే 23,200 కోయాల్సొచ్చేది. అప్పుడు ఫోన్లో గొడవ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

గొడవ 1,160కి కూడా వచ్చింది. "ఏటండి బాబూ, 620 కదా పోవాలి, ఇంకో 540 దేనికి కోసీసారు?" అని అడిగాడు. "జూన్, ఆగస్టు బిల్లులవి కూడా కలిశాయి మేస్త్రీగారూ, ఈ డబ్బు మీ పాన్ మీదే జమవుతుంది, రిటర్న్ వేసినప్పుడు మీ పన్నులో తగ్గుతుంది, పన్ను లేకపోతే రిఫండ్ వస్తుంది" అని చెప్పి, మూడు బిల్లుల లెక్క రాసిన కాగితం ఫొటో తీసి పంపాను. ఆ కాగితం డబ్బుతోపాటే పంపడం మంచిది. ముందు పంపితే బేరం మొదలవుతుంది.

అన్ని ఫొటోలూ ఈ దారిలోకి రావు. ప్రింటు వేసిన డబ్బాలు, అట్టపెట్టెలు సప్లయర్ తన సరుకుతో చేసి ఇస్తే అది కొనుగోలే, 194సి పడదు. పప్పు తీసుకెళ్లే లారీ యజమానికి పది లేదా అంతకన్నా తక్కువ బండ్లే ఉన్నాయని రాసిచ్చి పాన్ ఇస్తే కోత లేదు, కానీ ఆ వివరం టీడీఎస్ రిటర్న్‌లో చూపించాలి. సీఏ ఫీజు బిల్లు 194జె, 10 శాతం, ఏడాదికి 50,000 దాటితే.

తేదీ దగ్గర ఇంకో చిక్కు ఉంది. పుస్తకంలో జమ రాసిన రోజు, డబ్బు ఇచ్చిన రోజు, ఈ రెండింట్లో ఏది ముందైతే ఆ రోజే టీడీఎస్ కోసినట్టు. ఈ బిల్లుకు నవంబరు 29న ఎంట్రీ పడింది, డబ్బు డిసెంబరు 3న వెళ్లింది. కాబట్టి ఇది నవంబరు టీడీఎస్, డిసెంబరు 7లోగా కట్టాలి. అడ్వాన్సు ఇచ్చినా అదే లెక్క, బిల్లు రాకముందే కోయాలి. మార్చిలో కోసినదానికి మాత్రం ఏప్రిల్ 30 వరకు గడువు. ఆ డిసెంబరు 7 ఆదివారం పడింది, మేం శుక్రవారమే కట్టేశాం. 9న కట్టి ఉంటే రెండు రోజుల ఆలస్యానికి రెండు నెలల వడ్డీ పడేది. నెలకు 1.5 శాతం, అదీ కోసిన తేదీ నుంచి, నవంబరును, డిసెంబరును రెండు నెలలుగా లెక్కేస్తారు. 1,160 మీద అది 35 రూపాయలే, కానీ తర్వాత డిమాండ్ నోటీసుగా వస్తే దాని వెనక తిరగడం ఎక్కువ పని.

చలానాకు టాన్‌తో లాగిన్ అయి e-Pay Tax లో New Payment, అందులో టీడీఎస్ చెల్లింపు ఎంచుకోవాలి. సెక్షన్ కోడ్ `94C`. సప్లయర్ కంపెనీ కాదు కాబట్టి మేజర్ హెడ్ `0021`, మైనర్ హెడ్ `200`. ఇక్కడ చూడాల్సింది డబ్బు తీసుకునేవాడు కంపెనీనా కాదా అని, మనం కంపెనీనా కాదా అని కాదు. కొత్తవాళ్లు ఎక్కువగా తిరగేసేది ఇదే. డబ్బు కట్టాక వచ్చే చలానాలో బీఎస్ఆర్ కోడ్, చలానా సీరియల్ నంబరు, తేదీ ఉంటాయి. రిటర్న్‌కు ఆ మూడూ కావాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కోసినదంతా జనవరి 31లోగా టీడీఎస్ రిటర్న్‌గా ఫారం 26క్యూలో వెళ్లాలి. సప్లయర్ పాన్‌లో ఒక్క అక్షరం తప్పు కొడితే ఆ 1,160 ఆయన ఖాతాలో కనిపించదు, ఏప్రిల్‌లో ఫోన్ మోగుతుంది. రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 200 రుసుము, అయితే అది కోసిన పన్ను మొత్తాన్ని మించదు. అసలు కోయకుండా వదిలేస్తే, ఆ ఖర్చులో 30 శాతాన్ని ఆ ఏడాది లాభం లెక్కలో ఒప్పుకోరు.

26క్యూ ప్రాసెస్ అయ్యాక ట్రేసెస్ సైట్ నుంచి టీడీఎస్ సర్టిఫికెట్, అంటే ఫారం 16ఎ, దింపి, ఫిబ్రవరి 15లోగా మేస్త్రీకి ఇవ్వాలి. ఆయనకు అదీ వాట్సాప్‌లోనే పంపాం.