ఆటలమ్మ పేషెంటు గది ముందు ఏం తొడగాలి? స్టాండర్డ్, ట్రాన్స్‌మిషన్ జాగ్రత్తల పట్టిక ఇలా వేసుకోండి

పేషెంటు జబ్బు ఇంకొకరికి అంటకుండా తీసుకునే జాగ్రత్తల పట్టిక ఇది. నర్సింగ్ మొదటి సంవత్సరం పిల్లలు దీన్ని వేసేటప్పుడు చాలామంది ఒకే చోట తప్పు చేస్తారు. స్టాండర్డ్, కాంటాక్ట్, డ్రాప్‌లెట్, ఎయిర్‌బోర్న్ అని నాలుగు గడులు గీసి, పేషెంటును వాటిలో ఒకదాంట్లో పెడతారు. దాంతో టీబీ పేషెంటుకు స్టాండర్డ్ జాగ్రత్తలు వర్తించవన్నట్టు అయిపోతుంది. నిజానికి స్టాండర్డ్ అనేది ఇంటికి పునాది లాంటిది. మిగతా మూడూ, అంటే ట్రాన్స్‌మిషన్ జాగ్రత్తలు, దాని మీద లేచే గదులు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1996లో ఈ రెండంచెల పద్ధతిని ప్రకటించినప్పటి నుంచి లెక్క ఇదే: స్టాండర్డ్ అందరికీ, మిగతావి అవసరమైతే అదనంగా.

అందుకే పట్టిక గీసేటప్పుడు మొదట పేజీ అడ్డంగా పైన ఒక పొడవాటి వరస గీయండి. అందులో స్టాండర్డ్ జాగ్రత్తలు రాయండి. దాని కింద మూడు నిలువు గడులు గీయండి. పైవరస మూడింటినీ కప్పి ఉండాలి. ఎవరు చూసినా పైది అందరిదీ అని తెలిసిపోతుంది.

పైవరసలో ఏం రాయాలి

స్టాండర్డ్‌లో జబ్బు పేరుతో పనిలేదు. మీరు చేయబోయే పనిలో ఏది ఒంటికి తగులుతుంది, ఏది చిందుతుంది అన్నదే ప్రశ్న. రక్తం, మలమూత్రాలు, పుండు, నోటి లోపలి పొర తగిలే పనైతే గ్లవ్స్. బట్టల మీద పడేదైతే గౌను. ముఖం మీదకు చిందేదైతే మాస్కు, రక్షణ కళ్లద్దాలు. చేతులు కడగడం, సూదిని ఒక్కసారికే వాడటం, వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకపోవడం అన్నిటికీ ఉంటాయి.

ఇది పట్టుకున్నారా లేదా అని పరీక్షించడానికి నేను అడిగే ప్రశ్న ఒకటుంది. హెచ్ఐవీ ఉన్న వ్యక్తికి రక్తం తీస్తున్నారు, ఏం తొడుగుతారు? రెండు జతల గ్లవ్స్, గౌను, మాస్కు అని జవాబొస్తే పట్టిక అర్థం కాలేదన్నమాట. పక్క మంచం పేషెంటుకు రక్తం తీసేటప్పుడు తొడిగే ఒక జత గ్లవ్స్ ఇక్కడా చాలు. ఎవరి రక్తంలో ఏముందో మనకు ముందే తెలియదు కాబట్టే అందరికీ ఒకే జాగ్రత్త పెట్టారు. ఒక వార్డులో ఒకాయన మంచానికి ఆయన జబ్బు తెలిసేలా కాగితం అంటించడం నేను చూశాను. ఆ కాగితం వల్ల ఎవరికీ రక్షణ పెరగలేదు, ఆయన మాత్రం మూడు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నారు.

కింద మూడు గడులు

| | కాంటాక్ట్ | డ్రాప్‌లెట్ | ఎయిర్‌బోర్న్ |
|---|---|---|---|
| ఎలా వస్తుంది | ముట్టుకోవడం వల్ల | దగ్గు, తుమ్ము తుంపర్లు దగ్గరలో పడటం వల్ల | గాలిలో తేలుతూ దూరం వెళ్లే కణాల వల్ల |
| ఉదాహరణ | గజ్జి, మందులకు లొంగని ఎంఆర్ఎస్ఏ బ్యాక్టీరియా | ఫ్లూ, కోరింత దగ్గు | ఊపిరితిత్తుల టీబీ, తట్టు |
| గదిలోకి వెళ్తే తప్పనిసరి | గౌను, గ్లవ్స్ | సర్జికల్ మాస్కు | ఎన్95 మాస్కు |
| గది | విడిగా ఉంటే మంచిది | విడిగా ఉంటే మంచిది | లోపలి గాలి వరండాలోకి రాని నెగెటివ్ ప్రెషర్ గది, తలుపు మూసి |
| పేషెంటును బయటికి తీసుకెళ్తే | పుండ్లు కప్పాలి | పేషెంటుకు సర్జికల్ మాస్కు | పేషెంటుకు సర్జికల్ మాస్కు |

టీబీ గడిలో గౌను లేకపోవడం చూసి కంగారు పడకండి. టీబీ గాలి ద్వారా వస్తుంది, దుప్పటి ముట్టుకుంటే రాదు. కఫం చిందే పని ఉంటే గౌను, కళ్లద్దాలు వస్తాయి, కానీ అవి పైవరస నుంచి వచ్చినవి. అలాగే ఎన్95 మన కోసం, సర్జికల్ మాస్కు పేషెంటు కోసం. పిల్లలు ఈ రెండూ తారుమారు చేస్తారు.

చివర్లో "ఎప్పటి వరకు" అని ఇంకో వరస కలపండి. మెదడు పొరలకు సోకే మెనింగోకాకల్ మెనింజైటిస్‌కు సరైన యాంటీబయాటిక్ మొదలుపెట్టి 24 గంటలు దాటితే డ్రాప్‌లెట్ జాగ్రత్తలు ఆపొచ్చు. ఆటలమ్మకు మాత్రం పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టే దాకా ఆగాలి.

ఒక కేసు వేసి చూద్దాం

ముప్పై ఏళ్ల వ్యక్తి ఆటలమ్మతో చేరారు. పొక్కుల్లో ఇంకా నీరుంది. ఇది గాలి ద్వారా వస్తుంది, పొక్కు నీరు తగిలినా వస్తుంది. కాబట్టి రెండు గడుల్లో టిక్ పెట్టాలి, ఎయిర్‌బోర్న్, కాంటాక్ట్. గది తలుపు మూసి ఉండాలి. లోపలికి వెళ్లేవారికి గౌను, గ్లవ్స్, ఎన్95. పనికి ఎవరిని పంపాలన్నదీ ముఖ్యమే. ఇదివరకు ఆటలమ్మ వచ్చి తగ్గినవారు లేదా టీకా వేయించుకున్నవారు ఉంటే వాళ్లే వెళ్లాలి.

తొడిగే వరస

చేతులు శుభ్రం చేసుకోండి. ముందు గౌను, మెడ దగ్గర, నడుము దగ్గర ముడి వేయాలి. తర్వాత మాస్కు. ఎన్95 అయితే ముక్కు మీది పట్టీ రెండు చేతుల వేళ్లతో నొక్కి, చేతులు మాస్కు మీద ఆనించి గట్టిగా ఊపిరి వదలండి. అంచుల్లో గాలి తగిలితే సర్దుకోవాలి. గడ్డం ఉన్నవారికి ఆ అంచు సరిగా అతకదు. తర్వాత కళ్లద్దాలు, చివర్లో గ్లవ్స్. గ్లవ్స్ అంచు గౌను చేతి పైకి రావాలి, మణికట్టు దగ్గర చర్మం కనిపించకూడదు.

తీసే వరస

ఇక్కడ నెమ్మదిగా ఉండండి, ఎందుకంటే అంటుకునేది ఎక్కువగా ఇక్కడే. బాగా మురికైనవి ముందు పోవాలి, ముక్కునూ నోటినీ కాపాడేది చివరన పోవాలి. తొడిగిన వరసకు ఇది పూర్తి తలకిందులు కాదు.

1. గ్లవ్స్. ఒకదాన్ని మణికట్టు దగ్గర బయటి వైపు చిటికెతో పట్టి, లోపలి వైపు బయటికి వచ్చేలా లాగి, గ్లవ్ ఉన్న చేతి గుప్పిట్లో పెట్టుకోండి. ఖాళీ చేతి వేలును రెండో గ్లవ్ లోపలికి పోనిచ్చి, మొదటి దాని మీదుగా ఒలిచేయండి.
2. కళ్లద్దాలు. వెనక పట్టీ పట్టి తీయాలి, ముందు వైపు ముట్టొద్దు.
3. గౌను. ముళ్లు విప్పి, భుజాల దగ్గర లోపలి వైపు పట్టి, బయటి వైపు లోపలికి మడతపడేలా చుట్టేయండి.
4. మాస్కు. కింది పట్టీ ముందు, పై పట్టీ తర్వాత.

మన ఆటలమ్మ కేసులో మొదటి మూడూ గది లోపలే, తలుపు దగ్గర తీయాలి. ఎన్95 మాత్రం బయటికి వచ్చి, తలుపు మూసి, ఆ తర్వాతే తీయాలి. చివర్లో చేతులు కడుక్కోవాలి. మధ్యలో ఎక్కడైనా చేతికి మురికి తగిలిందనిపిస్తే అక్కడే ఆగి కడిగి, తర్వాతి అంచెకు వెళ్లండి. క్లాస్ట్రిడియోయిడెస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలవుతున్న పేషెంటు దగ్గరి నుంచి వస్తే ఆల్కహాల్ రబ్ సరిపోదు, దాని స్పోర్లు ఆల్కహాల్‌కు చావవు. సబ్బు, నీళ్లే కావాలి.

ఇదంతా సరిగా వచ్చిందో లేదో పసుపుతో చూడొచ్చు. కొంచెం పసుపు నీళ్లలో కలిపి గ్లవ్స్ మీద, గౌను ముందు భాగాన, కళ్లద్దాల ముందు వైపు పూసుకుని, మామూలుగా తీసేయండి. తర్వాత వెలుతురులో చేతులు, మెడ చూసుకోండి. మణికట్టు మీద పసుపు గీత ఉంటే రెండో గ్లవ్‌ను బయటి నుంచి పట్టారు. మెడ మీద ఉంటే గౌను ముడి విప్పేటప్పుడు ముందు భాగం తగిలింది. చెంప మీద ఉంటే కళ్లద్దాల ముందు వైపు పట్టుకున్నారు.