పని తగ్గించిన మనిషి: మనసు విరిగిందా, లోపం మనదా, హద్దు గీసుకున్నారా?

లక్షణం

మొన్నటిదాకా రాత్రి ఎనిమిదైనా సీటు వదలని మనిషి ఇప్పుడు ఆరు కాగానే బ్యాగు సర్దుకుంటున్నారు. ఆదివారం వాట్సాప్‌లో అడిగినదానికి సోమవారం పొద్దున జవాబు వస్తోంది. రాజీనామా లేదు, గొడవ లేదు. ఉద్యోగం మానకుండానే అదనపు పని మానేసే ఈ తీరుకు 2022లో సోషల్ మీడియాలో క్వైట్ క్విట్టింగ్ అనే పేరు ఊపందుకుంది. ఇప్పుడు హన్మకొండ ఆఫీసుల్లో కూడా యజమానులు ఆ మాటే అంటున్నారు.

ముందు ఈ ఒక్కటీ చూడండి

ఆ మనిషికి అప్పజెప్పిన పని అవుతోందా, లేదా? దాదాపు ఎవరూ ఇది చూడరు. ఎన్నింటికి వెళ్లారో మాత్రం గడియారం చూసి మరీ చెబుతారు. అపాయింట్‌మెంట్ లెటర్ తీయండి. అందులో పని వివరంగా లేకపోతే, చేరినప్పుడు నోటితో చెప్పిన పనులు కాగితం మీద రాయండి. గత రెండు నెలల పనిని దాంతో పోల్చండి.

పని సరిగ్గా, టైముకు అవుతోంది, కుదరనిది కుదరదని ముందే చెబుతున్నారు అంటే అది హద్దు గీసుకోవడమే. అక్కడ రిపేరు చేయాల్సింది ఏమీ లేదు. తెలంగాణ షాపులు, సంస్థల చట్టం కిందకు వచ్చే ఉద్యోగికి వారానికి 48 గంటలే పని, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు జీతం ఇవ్వాలి. ఇన్నాళ్లూ ఊరికే దొరికిన గంటలు ఆగిపోతే ఆ మనిషి తప్పు చేసినట్టు కాదు.

సొంత పనిలోనే తప్పులు పెరిగి, కళ్ల ముందు తేడా కనిపించినా నోరు విప్పడం లేదంటే మనసు నిజంగానే పని మీద లేదు. ఇంకా మీకు చెడు వార్త మోసుకొచ్చే మనిషిని మాత్రం మనసు విరిగిన మనిషిగా లెక్కేయకండి. ఒకే మేనేజర్ కింద ఉన్న నలుగురూ ఒకేసారి చల్లబడితే, ఆ నలుగురిని కాదు, మేనేజర్‌ని పిలిచి మాట్లాడండి.

ఎక్కువసార్లు తిప్పలు పెట్టే కారణం: నింపని ఖాళీ

ఇది పైకి నిరాసక్తతలాగే కనిపిస్తుంది. ఒకరు మానేస్తారు. "కొత్తవాళ్లు వచ్చేదాకా కొంచెం చూసుకోమ్మా" అని పక్క సీటులో ఉన్నామెకు చెబుతారు. కొత్తవాళ్లు రారు. ఏడాది గడిచేసరికి ఆ రెండో ఉద్యోగం కూడా ఆమె పనే అన్నట్టు అందరికీ అలవాటైపోతుంది. ఒకరోజు ఆమె తన మొదటి పనికే పరిమితమవుతుంది. మీకు సగం పని ఆగిపోయినట్టు కనిపిస్తుంది.

వరంగల్‌లో విత్తనాలు, పురుగుమందులు అమ్మే ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇదే జరిగింది. అక్కడ పనిచేసే ఒకామె పని బిల్లింగ్, స్టాక్ ఎంట్రీ. పత్తి విత్తనాల సీజన్‌కు ముందు డిస్పాచ్ చూసే అబ్బాయి మానేశాడు. డీలర్ల ఫోన్లు, లారీ బుకింగ్, వెనక్కి వచ్చిన సరుకు లెక్క అన్నీ ఆమె మీద పడ్డాయి. మరుసటి ఏడాది ఇంక్రిమెంట్ మాత్రం అందరితో సమానమే. ఆ తర్వాత ఆరు దాటితే డీలర్ల ఫోన్లు ఎత్తడం మానేసింది. "ఆమెకు పని మీద ఇంట్రెస్ట్ పోయింది" అన్నారు యజమాని.

బిల్లులు తీసి చూస్తే ఒక్క తప్పు లేదు. స్టాక్ కూడా గోదాముతో సరిపోయింది. ఆగినవన్నీ ఆ అబ్బాయి పనులే. అడిగితే ఆమె ఒకటే మాట చెప్పింది: "సార్, ఇద్దరి పని ఒక్కదాన్నే చేసిన. జీతం సంగతి అడిగితే సీజన్ అయినంక చూద్దామన్నరు. సీజన్ అయిపోయింది, ఎవరూ చూడలే."

కాబట్టి చల్లబడటం ఎప్పుడు మొదలైందో కనుక్కోండి. దానికి ముందు ఎవరు మానేశారు, ఏ మాట ఇచ్చి మరిచిపోయారు అని పాత మెసేజ్‌లు తిరగేస్తే చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

పరిష్కారం

రెండు వారాలపాటు ఆ మనిషి చేసే ప్రతి పనీ రాయించండి. నిఘా పెట్టారని అనుకోకుండా ఎందుకో ముందే చెప్పండి. తర్వాత ఇద్దరూ కూర్చుని ఏది మొదటి నుంచి ఉన్న పనో, ఏది ఖాళీ వల్ల వచ్చిందో విడదీయండి. ఖాళీ వల్ల వచ్చిన ప్రతి పనికీ మూడే దారులు: మనిషిని పెట్టడం, జీతం పెంచి అదే మనిషికి రాతపూర్వకంగా ఇవ్వడం, ఆ పని మానేయడం. ఆ డిస్ట్రిబ్యూటర్ సీజన్ నెలలకు డిస్పాచ్‌కు మనిషిని పెట్టారు. వెనక్కి వచ్చే సరుకు లెక్క ఆమెకే ఉంచి, దానికి విడిగా జీతం కలిపారు.

పని తగ్గించిన మాట నలుగురిలో ఎత్తకండి. "ఎందుకు మారిపోయావ్?" అంటే ఎవరైనా "ఏం లేదు సార్" అనే అంటారు. "ఏ పనులు ఆపేశారు, ఎప్పటి నుంచి?" అనండి. తేదీతో సహా చెబుతారు.

ఇంట్లో అనారోగ్యం, బయట వేరే ఉద్యోగం వెతుక్కోవడం, సర్కారు పరీక్షలకు చదువుకోవడం కూడా ఉంటాయి. అవి తక్కువ. పైవన్నీ కొట్టేశాకే అటు చూడండి.

పని పంచాక ఓ నెల, నెలన్నర ఆగండి. ఈలోపు రాత్రి ఎనిమిది దాకా మళ్లీ కూర్చుంటున్నారా అని చూడకండి. సొంత పనిలో తేడా వస్తే తమంతట తాము వచ్చి చెబుతున్నారా అన్నది చూడండి. పని భారం సరిచేశాక కూడా తప్పులు పెరుగుతూనే ఉంటే, అప్పుడు దాన్ని పనితీరు సమస్యగా తీసుకుని, ఏ తప్పు ఏ రోజు జరిగిందో కాగితం మీద పెట్టి మాట్లాడండి.