చెక్కు రిటర్న్ మెమోలో ‘సంతకం తేడా’ అని వస్తే

చెక్కు తిరిగి వచ్చిందనగానే అందరూ బ్యాంకు ఇచ్చిన మెమోలో కారణం చదివి, చెక్కు ఇచ్చినవారికి ఫోన్ చేస్తారు. మెమో ఏ రోజు చేతికి అందిందో మాత్రం ఒక్కరూ రాసిపెట్టుకోరు. చెక్కు బౌన్స్ కేసులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద, డబ్బు కట్టమని చెక్కు ఇచ్చినవారికి నోటీసు పంపడానికి ఉన్న 30 రోజులు బ్యాంకు నుంచి సమాచారం అందిన రోజు నుంచే లెక్కకు వస్తాయి కాబట్టి, ముందు ఆ తేదీని, ఆ తర్వాత చెక్కు మీది తేదీని చూసుకోవాలి.

‘ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్’, అంటే ఖాతాలో సరిపడా డబ్బు లేదని ఉంటే ఆలోచించేదేమీ లేదు, నోటీసుకు సిద్ధం కావాలి. ఖాతా మూసేసినా, చెల్లింపు ఆపించినా దాదాపు అదే దారి. అక్షరాల్లో, అంకెల్లో మొత్తం వేరుగా ఉంటే కొత్త చెక్కు అడగాలి. ఇమేజ్ స్పష్టంగా లేదంటే మళ్లీ వేస్తే సరిపోతుంది.

అసలు చిక్కు ‘డ్రాయర్స్ సిగ్నేచర్ డిఫర్స్’ దగ్గర ఉంది. అది చేతిపొరపాటులా కనబడుతుంది, అందుకే నేనూ ఒకసారి మోసపోయాను. జనవరి 5 తేదీతో ఉన్న 1,80,000 రూపాయల చెక్కుకు ఫిబ్రవరి 12న ఈ మెమో అందింది. ‘తొందరలో సంతకం పెట్టానండీ, ఆ చెక్కు ఇటివ్వండి, వారంలో వేరేది రాసిస్తాను’ అని చెక్కు ఇచ్చినాయన అంటే, అసలు చెక్కును, మెమోను రెండింటినీ ఇచ్చేశాను. మార్చి 14తో నోటీసు గడువు ముగిసింది, కొత్త చెక్కు రాలేదు. పాతది నా దగ్గరే ఉండి ఉంటే దాన్ని మూడు నెలల చెల్లుబాటు గడువులోగా మార్చిలో మళ్లీ బ్యాంకులో వేసి, తిరిగి వచ్చిన మెమోతో కొత్తగా 30 రోజులు పొందేవాణ్ని. అలా మళ్లీ వేసి రెండోసారి తిరిగి వచ్చినదాని మీద కేసు వేయవచ్చని సుప్రీంకోర్టు 2012లోనే తేల్చింది. సంతకం తేడాతో తిరిగి వచ్చినా 138వ సెక్షన్ వర్తించవచ్చని చెప్పిందీ ఆ ఏడాదే. అయితే ఖాతాలో సరిపడా డబ్బు ఉందని, సంతకం నిజంగానే పొరపాటని అవతలివారు చూపించుకోగలరు.

కాబట్టి కొత్త చెక్కు చేతికి వచ్చి, దాని డబ్బు ఖాతాలో పడేదాకా పాతదాన్ని ఇవ్వకండి. గడువు దగ్గరపడితే, మాటలు నడుస్తున్నా సరే, నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అందులో అడిగే మొత్తం చెక్కు మీది మొత్తమే కావాలి. వడ్డీ, ఖర్చులు అడగదలిస్తే వాటిని విడిగా చూపాలి. నోటీసు అందాక వారికి 15 రోజులు ఉంటాయి, అప్పటికీ కట్టకపోతే ఆపైన నెలలోగా మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలోని కోర్టులో ఫిర్యాదు వేయాలి.