ట్రమడాల్ మొదటి మాత్రకు ముందు చూసుకోవాల్సినవి

ఈ నొప్పి మాత్రకు తేలికపాటి మందన్న పేరెలా వచ్చిందో గానీ, ఇది ఓపియాయిడ్, అంటే నల్లమందు తరహా మందు.

- ఇప్పటికే వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ట్రమడాల్ మెదడులో సెరొటోనిన్ అనే రసాయనాన్ని కూడా పెంచుతుంది. డిప్రెషన్‌కు అదే రసాయనాన్ని పెంచే సెర్ట్రాలిన్ వాడుతున్న మనిషి నడుం నొప్పికి దీన్ని కలిపితే, మామూలు మోతాదులోనే ఫిట్స్ రావచ్చు. వణుకు, చెమటలు, కంగారు కలిసి మొదలైతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.
- గతంలో ఫిట్స్ వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, మద్యం అలవాటున్నా ముందే చెప్పండి.
- నొప్పి తగ్గలేదని సొంతంగా ఇంకో మాత్ర వేసుకోవద్దు. పెద్దలకు గరిష్ఠంగా రోజుకు 400 మి.గ్రా., 75 ఏళ్లు దాటితే 300.
- తల తిరుగుతుంది; బండి నడపొద్దు.
- వారాల తరబడి వాడితే ఒళ్లు అలవాటు పడుతుంది. ఒక్కసారిగా మానితే చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.