వాడకం పెరగకపోయినా మెయింటెనెన్స్ పద్దు ఎందుకు పెరిగింది?

సమస్య: మెషీనింగ్ విభాగం గత నెలలాగే ఈ నెలా 1,800 గంటల మెయింటెనెన్స్ పని చేయించుకుంది. అయినా దాని పద్దు 6,30,000 నుంచి 7,20,000కి పెరిగింది.

కారణం: ముందు పక్క విభాగం గంటలు చూడండి. అసెంబ్లీ విభాగం 1,200 గంటల నుంచి 600కి తగ్గింది. మెయింటెనెన్స్‌కు నెలకు స్థిర వ్యయం 6,00,000, చర వ్యయం గంటకు 150. గత నెల మొత్తం ఖర్చు 10,50,000ను 3,000 గంటలతో భాగిస్తే గంటకు 350 వచ్చింది. ఈ నెల 9,60,000ను 2,400తో భాగిస్తే 400 అయింది. అంటే అసెంబ్లీ వదిలేసిన స్థిర వ్యయం మెషీనింగ్ నెత్తిన పడింది. ఒకే రేటు వాడినంత కాలం ఈ తగాదా తెగదు.

పరిష్కారం: ఖర్చును రెండుగా విడదీయండి. స్థిర వ్యయాన్ని ఏడాది మొదట్లో ఒక్కో విభాగం కోరిన సామర్థ్యం ప్రకారం పంచండి. సిబ్బందినీ పరికరాలనూ ఏర్పాటు చేసింది ఆ కోరికను బట్టే కదా. ఇక్కడ మెషీనింగ్ 1,800, అసెంబ్లీ 1,200 గంటలు కోరాయి కాబట్టి వాటాలు 3,60,000, 2,40,000. వాడకం ఎంతైనా ఇవి మారవు. వాడిన గంటలకు మాత్రం 150 చొప్పున వేయండి. అప్పుడు మెషీనింగ్ పద్దు మళ్లీ 6,30,000 అవుతుంది, అసెంబ్లీది 3,30,000. అసెంబ్లీ మేనేజరు గొణుగుతారు. ఆయన కోరిన సామర్థ్యమే అది.

బయటి కాంట్రాక్టరు గంటకు 250 అడిగితే 350 రేటు చూసిన మేనేజరు అటు వెళ్తారు. నిజానికి లోపల చేయించుకుంటే సంస్థకు అదనంగా అయ్యేది 150 మాత్రమే. రెండు రేట్లుంటే ఈ లెక్క ఆయనకే కనిపిస్తుంది.

విడదీశాక కూడా పద్దు కదులుతుంటే: బడ్జెట్ మొత్తాలకు బదులు అసలు ఖర్చులు పంచుతున్నారేమో చూడండి. ఈ నెలలో మెయింటెనెన్స్ నిజంగా 9,90,000 ఖర్చు పెట్టిందనుకోండి. వాడిన గంటలకు బడ్జెట్ అనుమతించేది 9,60,000 మాత్రమే. మిగతా 30,000 మెయింటెనెన్స్ పద్దులోనే తేడాగా నిలవాలి. దానికి జవాబు చెప్పాల్సింది ఆ విభాగం మేనేజరే.

అందరూ తక్కువ సామర్థ్యం కోరుతుంటే: ఇది ఈ పద్ధతికే ఉన్న బలహీనత. తక్కువ కోరితే స్థిర వాటా తగ్గుతుంది, అవసరం వచ్చినప్పుడు పని ఎలాగూ జరుగుతుంది. అందుకే కోరిన గంటలు దాటితే ఎక్కువ రేటు వేయండి, రద్దీలో వారి పనిని వరుసలో చివర పెట్టండి. ఇక ఎవరూ కోరని సామర్థ్యం ఖర్చును ఏ విభాగానికీ అంటగట్టవద్దు. 3,000 గంటల్లో 2,500కే కోరికలు వస్తే, గంటకు 200 చొప్పున మిగిలిన 1,00,000ను వాడని సామర్థ్యంగా విడిగా చూపండి. సిబ్బందిని తగ్గించాలా, ఉంచాలా అన్నది పై అధికారులు తేల్చుకోవాల్సిన విషయం.