ఫార్వర్డ్ పాయింట్లు బ్యాంకు కోట్‌తో కలవడం లేదా?

ముందు గుర్తు చూడండి. ప్లస్ రావాల్సిన చోట మైనస్ వచ్చిందంటే రెండు వడ్డీ రేట్లు తారుమారయ్యాయి, ఇంకేం లేదు. ఇది చూడకుండా గంటలకొద్దీ షీటు తవ్వేవాళ్లే ఎక్కువ.

పౌండ్ వడ్డీ 4 శాతం, డాలర్ వడ్డీ 5 శాతం అనుకుందాం. ఫార్వర్డ్ రేటు కూడా స్పాట్ రేటే అయితే, పౌండ్లు అప్పు తెచ్చి, డాలర్లుగా మార్చి 5 శాతానికి వేసి, ఆ డాలర్లతో పౌండ్లు తిరిగి కొనే ఫార్వర్డ్ ఈరోజే రాయించుకుంటే చాలు, రిస్కు లేకుండా ఏడాదికి దాదాపు ఒక శాతం మిగులుతుంది. మార్కెట్ దాన్ని మిగలనివ్వదు. అందుకే వడ్డీ తక్కువున్న పౌండ్ ఫార్వర్డ్‌లో అంతమేర ఖరీదవుతుంది, GBP/USD పాయింట్లు ప్లస్‌లో ఉంటాయి.

గుర్తు సరిగ్గానే ఉండి ఒకటి రెండు పాయింట్లే తేడా వస్తోందా? నన్ను బాగా ఏడిపించింది ఇదే. డాలర్ వడ్డీకి ఏడాదంటే 360 రోజులు, పౌండ్‌కి 365. చాలామంది షీట్లలో రెండింటికీ ఒకటే ఉంటుంది.

```
F = S × (1 + r_USD × d/360) / (1 + r_GBP × d/365)
పాయింట్లు = (F − S) × 10000
```

స్పాట్ 1.2500, గడువు 90 రోజులు. రెండు చోట్లా 360 పెడితే 30.9 పాయింట్లు వస్తాయి. పౌండ్ కింద 365 పెడితే 32.6. తేడా 1.7 పాయింట్లే, కానీ కోటి పౌండ్ల డీల్ మీద అది 1,700 డాలర్లు. నేను చాలాకాలం దీన్ని బ్యాంకు వేసుకునే మార్జిన్ అనుకుని వదిలేశాను. అనుమానం రానంత చిన్నగా ఉండటమే దీని మాయ.

పట్టుకోవడం తేలిక. రెండు రేట్లూ 5 శాతమే ఇచ్చి చూడండి. పాయింట్లు సున్నా వస్తే షీటు తప్పు. అదే స్పాట్, అదే 90 రోజులకి 2.1 రావాలి, ఎందుకంటే 360తో భాగించిన 5 శాతం కాస్త ఎక్కువ వడ్డీ. యూరో, స్విస్ ఫ్రాంక్ కూడా 360 రోజులవే కాబట్టి వాటిని డాలర్‌తో లెక్కకట్టినప్పుడు ఈ తప్పు బయటపడదు. అక్కడ సరిగ్గా పనిచేసిన షీటునే పౌండ్‌కి కాపీ చేస్తారు, అక్కడే దొరికిపోతారు.

రోజుల్ని కూడా ఒకసారి చూసుకోండి. d లెక్క డీల్ చేసిన రోజు నుంచి కాదు, స్పాట్ సెటిలయ్యే తేదీ నుంచి.

ఇవన్నీ సరిచూశాక కూడా తేడా ఉండి, గడువు డిసెంబరు 31ని దాటుతుంటే ఫార్ములాని కదిలించకండి. ఏడాది చివర్లో బ్యాంకులు డాలర్లు అప్పివ్వడానికి వెనకాడతాయి, ఆ ఒత్తిడి పాయింట్లలోకి చేరుతుంది. అప్పుడు కోట్‌నే నమ్మండి.