అద్దె ఇంట్లో దిగే ముందు అసోసియేషన్ ఎన్ఓసీ: ఓనర్‌ని ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి

సామాన్ల వ్యాన్ గేటు ముందు ఆగుతుంది. సెక్యూరిటీ అతను ఎన్ఓసీ, అంటే మీరు దిగడానికి అభ్యంతరం లేదని అసోసియేషన్ ఇచ్చే పత్రం, అడుగుతాడు. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు ఓనర్‌కి ఫోన్ చేస్తే ఆయన ఎత్తరు. మా అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీగా ఉన్న రోజుల్లో ఇది చాలాసార్లు చూశాను. ఒకసారి ఒక కుటుంబం పసిపాపతో రెండు గంటలు గేటు బయటే కూర్చుంది. సంతకం పెట్టాల్సిన నేను అక్కడే ఉన్నాను కానీ పెట్టలేకపోయాను, ఎందుకంటే ఆ ఫ్లాట్ తరఫున మాకు దరఖాస్తే రాలేదు. ఆ పూట వాళ్ళు పడిన టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

మొదట తెలుసుకోవాల్సిన విషయం: సాధారణంగా అసోసియేషన్‌లో సభ్యులు ఓనర్లే, అద్దెకున్నవాళ్ళు కాదు. కాబట్టి "నా ఫ్లాట్‌ని ఫలానావాళ్ళకి అద్దెకిస్తున్నాను, వాళ్ళు దిగడానికి అభ్యంతరం లేదని పత్రం ఇవ్వండి" అని ఓనరే అడగాలి. మీరు నేరుగా ఆఫీసుకి వెళ్ళి ఎంత బతిమాలినా, చివరికి "మీ ఓనర్‌తో రాయించుకు రండి" అంటారు. ఫారం నింపడం, కాగితాలు జతచేయడం మీరు చేయొచ్చు. సంతకం మాత్రం ఆయనదే ఉండాలి.

ఈ మాట అడగాల్సింది ఇల్లు నచ్చి అడ్వాన్స్ మాట్లాడుకునేటప్పుడే. పూర్తి అడ్వాన్స్ చేతికి వచ్చాక కొందరు ఓనర్లకి ఈ పని తొందరగా గుర్తురాదు. టోకెన్ ఇచ్చిన రోజే ఇలా ఒక మెసేజ్ పంపండి:

"నమస్కారం సార్. మేము 10వ తేదీన ఫ్లాట్‌లో దిగాలనుకుంటున్నాం. అసోసియేషన్ ఎన్ఓసీ లేకుండా సామాన్లు లోపలికి రానివ్వరని సెక్యూరిటీ చెప్పారు. దరఖాస్తు మీ పేరుతోనే వెళ్ళాలట. ఫారం నేను తెచ్చి నింపి పంపుతాను, మీరు సంతకం చేసి ఇస్తే చాలు. అలాగే ఫ్లాట్ మీద మెయింటెనెన్స్ బకాయి ఏమైనా ఉందేమో ఒకసారి చూసి చెప్పండి. ఎన్ఓసీ చేతికి వచ్చాక మిగతా అడ్వాన్స్ ఇచ్చి తాళాలు తీసుకుంటాం."

చివరి వాక్యం మర్యాదగానే ఉంది కానీ అసలు పని చేయించేది అదే. దానితోపాటు, అద్దె లెక్క మొదలయ్యేది అగ్రిమెంట్ తేదీ నుంచి కాదు, ఎన్ఓసీ వచ్చి తాళాలు ఇచ్చిన తేదీ నుంచి అని అగ్రిమెంట్‌లో రాయించుకుంటే, ఆలస్యమైనా ఖాళీ ఇంటికి అద్దె కట్టే బాధ తప్పుతుంది.

దరఖాస్తుతో పాటు ఏమేం పెట్టాలో ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోండి. చాలాచోట్ల సంతకాలైన అగ్రిమెంట్ కాపీ, ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్ళందరి గుర్తింపు కార్డులు, ఫొటోలు, బండ్ల నంబర్లు అడుగుతారు. పార్కింగ్ స్థలం ఆ ఫ్లాట్‌కి ఉందో లేదో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఓనర్ తన స్లాట్‌ని పక్కింటివాళ్ళకి వాడుకోమని ఇచ్చి ఉంటే, ఆ సంగతి మీరు దిగాక బయటపడుతుంది.

దరఖాస్తు ఎక్కువగా ఆగేది బకాయిల దగ్గర. మా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. 304లోకి ఒక జంట 10న దిగాలి. 2న దరఖాస్తు వచ్చింది. లెడ్జర్ తీస్తే ఆ ఫ్లాట్ మీద 3 నెలల మెయింటెనెన్స్ ఉంది, దానిపైన లిఫ్ట్ రిపేర్‌కి వేసిన వాటా కూడా ఉంది. మెయింటెనెన్స్ కడతాను కానీ లిఫ్ట్ వాటా లెక్క తప్పు, అది కట్టను అని ఓనర్ పట్టుబట్టారు. మా ఫారంలో బకాయి లేదు అని రాసే గడి ఒకటే ఉండేది. అది నింపలేక దరఖాస్తు 4 రోజులు అలాగే ఉండిపోయింది.

అద్దెకొచ్చే అబ్బాయి 6న ఆఫీసుకొచ్చి, గొడవ పెట్టుకోకుండా, ఆ బకాయిని విడివిడిగా రాసిన స్టేట్‌మెంట్ ఇమ్మని అడిగాడు. ఏ నెలది ఎంత, లిఫ్ట్ వాటా ఎంత అని ఒక కాగితం మీద రాసిచ్చాం. దాన్ని ఫొటో తీసి ఓనర్‌కి పంపి, "సార్, మీరు ఒప్పుకుంటున్నది ఈ రోజు కట్టేయండి. మీకు అభ్యంతరం ఉన్నది లెటర్‌లో రాసి ఇవ్వండి, కమిటీ చూసుకుంటుంది" అన్నాడు. ఓనర్ ఆ సాయంత్రమే మెయింటెనెన్స్ కట్టారు. లిఫ్ట్ వాటాపై కమిటీ తేల్చినదానికి కట్టుబడతానని రాసిచ్చారు. 8న కమిటీ ఒప్పుకుంది, 9న ఎన్ఓసీ ఇచ్చాం. ప్రతి కమిటీ ఇలా ఒప్పుకోకపోవచ్చు. అయినా బకాయిని విడదీసి చూపించడంతో, ఓనర్‌కీ కమిటీకీ ఉన్న తగాదాలో అద్దెకొచ్చినవాళ్ళు నలిగిపోకుండా దారి దొరికింది.

ఓనర్ తరఫున మీరే బకాయి కట్టేసి అద్దెలో తగ్గించుకుందామనుకుంటే, డబ్బు పంపే ముందే ఆయన దగ్గర "ఫలానా మొత్తాన్ని మొదటి నెల అద్దెలో తగ్గించుకోండి" అని మెసేజ్ తీసుకోండి. రసీదులో ఫ్లాట్ నంబర్, ఏ నెలల బకాయో స్పష్టంగా ఉండాలి. నోటిమాట మీద కట్టి తర్వాత వాదులాడుకున్నవాళ్ళని చూశాను.

ఇంకో చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. అగ్రిమెంట్ మీద ఉన్న ఓనర్ పేరు, అసోసియేషన్ రిజిస్టర్‌లో ఉన్న పేరు ఒకటే కావాలి. ఫ్లాట్ కొని ఏళ్ళు గడిచినా సభ్యత్వం మార్చుకోనివాళ్ళుంటారు. ఇల్లు తల్లి పేరున ఉండి, మాట్లాడేదంతా కొడుకే అయిన ఇళ్ళూ ఉంటాయి. అలాంటప్పుడు రిజిస్టర్‌లో ఉన్న వ్యక్తి సంతకం కావాలి, లేదంటే తన బదులు ఫలానావారు సంతకం చేస్తారని ఆవిడ రాసిచ్చిన ఆథరైజేషన్ లెటర్ కావాలి. దూరంలో ఉన్న ఓనర్ అయితే రిజిస్టర్‌లో ఉన్న తన ఈమెయిల్ నుంచే సంతకం చేసిన స్కాన్ కాపీ పంపితే సరిపోతుందేమో ఆఫీసులో అడగండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు.

ఎన్ఓసీ చేతికి వచ్చాక అక్కడే నిలబడి చదవండి. ఫ్లాట్ నంబర్, మీ పేరు, ఉండేవాళ్ళ సంఖ్య, దిగే తేదీ, సంతకం, స్టాంపు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. తేదీ ఒక్క రోజు అటూఇటూ పడినా గేటు దగ్గర ఆపేస్తారు, ఎందుకంటే సెక్యూరిటీకి తెలిసింది ఆ కాగితం మీద ఉన్నదే. సామాన్లకి లిఫ్ట్ ఏ వేళల్లో ఇస్తారో, సెలవు రోజుల్లో ఒప్పుకుంటారో లేదో అడిగి, ఆ టైమ్ తీసుకున్నాకే వ్యాన్ మాట్లాడుకోండి. డ్యామేజీ డిపాజిట్ ఏదైనా కట్టించుకుంటే రసీదు తీసుకోండి. సామాన్లు ఎక్కించే ముందు లిఫ్ట్ లోపలి గోడలు, తలుపు అంచులు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పాత గీతలు మీ ఖాతాలో పడకుండా అవే కాపాడతాయి.

ఒక కాపీ గేటు దగ్గర ఇచ్చి, అసలుది అగ్రిమెంట్‌తో పాటు దాచుకోండి. చాలా అసోసియేషన్లు ఖాళీ చేసేటప్పుడు కూడా ఇలాంటి పత్రమే అడుగుతాయి. అప్పుడు కూడా ముందు తీసేది ఆ ఫ్లాట్ లెడ్జరే. మెయింటెనెన్స్ మీరు కట్టేలా మాట్లాడుకుని ఉంటే ప్రతి నెలా రసీదు దాచండి. ఓనర్ కట్టేలా ఉంటే, ఖాళీ చేస్తున్నామని నోటీసు ఇచ్చే రోజే బకాయి ఎంతుందో చూసుకోమని ఆయనకి మెసేజ్ పెట్టండి.